దారం చెప్పిన దూరం

మా మేనకోడలికి 14 ఏళ్లు. టోక్యో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎంత దూరమో గ్లోబు మీద కొలిచి చెప్పమని చేతికి ఒక దారం ఇచ్చాను. తను ఏమాత్రం తడుముకోలేదు. టోక్యో 36 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త దిగువన ఉంటే, శాన్‌ఫ్రాన్సిస్కో 38 డిగ్రీలకు కాస్త దిగువన ఉంది. ఇంచుమించు ఒకే వరస. అందుకని దారాన్ని ఆ వరస వెంబడే, పసిఫిక్ మహాసముద్రం మీదుగా, వేలితో అద్దుకుంటూ అమర్చింది. తీసి స్కేలు మీద పెడితే 20.3 సెంటీమీటర్లు వచ్చింది.

"ఇదే దగ్గరి దారి అంటావా?"

"అడ్డంగా తిన్నగా ఉంది కదా మామయ్యా! ఇంతకన్నా దగ్గరిది ఎక్కడుంటుంది?"

వాదించలేదు. దారం ఒక కొసను టోక్యో మీద టేపుతో అంటించి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో చుక్క మీద నుంచి బిగించి లాగమన్నాను. లాగేసరికి దారం నడిమి భాగం ఉన్నచోట నిలవలేదు. ఉత్తరానికి జరుక్కుంటూ వెళ్లి, అలాస్కా నుంచి పడమటికి సాగే అల్యూషియన్ దీవులకు కాస్త దిగువన ఆగింది. జరిగినకొద్దీ చేతిలోకి దారం మిగులుతూ వచ్చింది. ఈసారి కొలత 19.2 సెంటీమీటర్లు. పైకి వెళ్లి చుట్టు తిరిగినట్టు కనిపించే దారి, తిన్నగా కనిపించే దారికన్నా 1.1 సెంటీమీటర్లు పొట్టిది. తను దారం వదిలేసి, మళ్లీ మొదటి నుంచి కొలిచింది. నన్ను నమ్మకుండా మళ్లీ కొలిచినందుకు సంతోషించాను.

అక్షాంశ రేఖ తిన్నగా ఉందన్న నమ్మకం మనకు గోడ మీది పటం నుంచి వచ్చింది. పటాలు గీసే మెర్కేటర్ 1569లో ప్రచురించిన పటం నావికుల కోసం గీసినది. దిక్సూచి చూపే దిశను మార్చకుండా ఓడ నడిపితే ఆ ప్రయాణం పటం మీద సరళరేఖగా పడాలన్నది ఆయన ఉద్దేశం. ఆ సౌకర్యం కోసం దూరాలను బలిపెట్టాడు. భూమధ్యరేఖ తప్ప మిగతా అక్షాంశ రేఖలన్నీ నిజానికి వంగిన దారులే. ఇది బోధపడాలంటే ధ్రువం దగ్గరకు వెళ్లాలి. ఉత్తర ధ్రువానికి పది అడుగుల దూరంలో మీరు నిలబడ్డారనుకుందాం. ధ్రువానికి సరిగ్గా అవతలి పక్కన, అంతే దూరంలో మీ మిత్రుడు ఉన్నాడు. ఇద్దరూ ఒకే అక్షాంశం మీద ఉన్నారు. ఆ అక్షాంశం వెంబడే నడిస్తే అర్ధవృత్తం తిరగాలి, అంటే 31 అడుగులు. ధ్రువం మీదుగా నడిస్తే ఇరవయ్యే. పసిఫిక్ మీద జరిగింది కూడా ఇదే, కాకపోతే వంపు అంత కొట్టొచ్చినట్టు కనబడదు. బిగిసిన దారం ఎప్పుడూ భూకేంద్రం గుండా పోయే కోతను పట్టుకుంటుంది. దాన్నే మహావృత్తం అంటారు. ఈ పేరు చెప్పడానికి నేను తొందరపడలేదు. దారం జరగడం ఒకసారి కళ్లతో చూశాక పేరు దానంతట అదే అతుక్కుంటుంది.

ఇక సెంటీమీటర్లను కిలోమీటర్లు చేయాలి. పిల్లలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. గ్లోబు పెట్టె మీద వ్యాసం 30 సెంటీమీటర్లు అని ఉంది. దాన్ని నమ్మితే చుట్టుకొలత 94.2 సెంటీమీటర్లు కావాలి. భూమధ్యరేఖ చుట్టూ దారం చుట్టి చూస్తే 93 మాత్రమే వచ్చింది. ముద్రించిన అంకె కన్నా చుట్టిన దారాన్నే నమ్మాలి. ఎందుకంటే నగరాల మధ్య కొలిచింది కూడా ఆ దారమే, ఆ గ్లోబు మీదే. పెట్టె మీది లెక్క పట్టుకుని ఉంటే జవాబులో వంద కిలోమీటర్లు తరుగు పడేది.

భూమి చుట్టుకొలతకు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఒక్కటే: 40,000 కిలోమీటర్లు. అది ఇంత గుండ్రంగా ఉండటం యాదృచ్ఛికం కాదు. 1790లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మీటరును నిర్వచించినప్పుడు, ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతును మీటరుగా తీసుకున్నారు. అంటే పావు చుట్టు పది వేల కిలోమీటర్లు, పూర్తి చుట్టు నలభై వేలు. వాళ్ల కొలతలో అతి స్వల్పంగా తేడా రావడం వల్ల, ధ్రువాల మీదుగా తిరిగితే అసలు అంకె 40,008. భూమధ్యరేఖ వెంబడి అయితే 40,075, ఎందుకంటే భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బును 30 సెంటీమీటర్ల గ్లోబులో చూపిస్తే అడ్డానికీ నిలువుకూ మధ్య తేడా ఒక మిల్లీమీటరు. మన దారానికి అది ఆనదు.

19.2ను 93తో భాగించి 40,000తో హెచ్చవేస్తే కాలిక్యులేటర్ 8258.0645 అని చూపింది. తను అంతా రాసుకోబోయింది. "చివరి నాలుగు అంకెలు ఏ దారంతో కొలిచావు?" అని అడిగాను. నవ్వి కొట్టేసింది. ఎన్ని అంకెలు ఉంచాలో తేల్చడానికి అదే దూరాన్ని మరో రెండుసార్లు కొలిపించాను. 19.1, 19.3 వచ్చాయి. ఈ గ్లోబు మీద ఒక మిల్లీమీటరు అంటే 43 కిలోమీటర్లు. నగరం గుర్తుగా వేసిన చుక్కే ఒక మిల్లీమీటరు ఉంటుంది. కాబట్టి నిజాయితీగా చెప్పగలిగిన జవాబు: సుమారు 8,250, ఒక యాభై అటూ ఇటూ. అక్షాంశ రేఖాంశాలతో సూత్రం ప్రకారం లెక్క కట్టి చూస్తే 8,270 దాకా వస్తుంది. మొదట తను వేసిన అక్షాంశం దారి మాత్రం 8,700 పైచిలుకు చూపింది. దాదాపు 470 కిలోమీటర్ల తేడా వచ్చింది దారం పొరపాటు వల్ల కాదు, దారి పొరపాటు వల్ల.

స్కేలు అసలు లేకుండానే ఈ పని చేయవచ్చు, నాకు నిజానికి ఆ పద్ధతే ఇష్టం. నగరాల మధ్య బిగించిన దారాన్ని రెండు చోట్లా గోళ్లతో పట్టుకుని, అలాగే తెచ్చి భూమధ్యరేఖ మీద పరచాలి. అక్కడ రేఖాంశాలు గీసి ఉంటాయి. మా గ్లోబు మీద 15 డిగ్రీలకు ఒకటి. 360 డిగ్రీలు 40,000 కిలోమీటర్లయితే ఒక డిగ్రీకి 111. మా దారం ఐదు గళ్లకు వెంట్రుకవాసి తక్కువ పట్టింది, అంటే 74 డిగ్రీల పైచిలుకు. 111తో హెచ్చవేస్తే మళ్లీ అదే జవాబు. పెట్టె అబద్ధం చెప్పినా, స్కేలు అరిగిపోయినా ఈ లెక్క చెడదు. గ్లోబే తన స్కేలు.

ఇందులోనూ ఒక గొయ్యి ఉంది, తను నేరుగా వెళ్లి అందులోనే పడింది. రెండోసారి కొలిచేటప్పుడు భూమధ్యరేఖ దాకా దిగడం ఎందుకని, నగరాలకు దగ్గరగా ఉన్న 45 డిగ్రీల అక్షాంశం మీదే దారం పరిచింది. అక్కడ కూడా రేఖాంశాలు దాటుతూనే ఉన్నాయి కదా! ఏడు గళ్లు వచ్చాయి. ఏడు పదిహేనులు 105, దాన్ని 111తో హెచ్చవేస్తే 11,600 పైన. అదే దారం, మూడు వేల కిలోమీటర్లకు పైగా తేడా. తప్పు ఎక్కడుందో నేను చెప్పలేదు. గ్లోబును చేతిలోకి తీసుకుని, పక్కపక్క రెండు రేఖాంశాల మీద రెండు వేళ్లు పెట్టి భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా జరుపుకుంటూ పొమ్మన్నాను. వేళ్లు దగ్గరవుతూ పోయి చివరికి ఒకదాన్నొకటి తాకాయి. గళ్లు పైకి వెళ్లేకొద్దీ ఇరుకవుతాయి. 60 డిగ్రీల దగ్గర గడి సరిగ్గా సగం. అందుకే దారం పరచాల్సింది భూమధ్యరేఖ మీద, లేదా నిలువుగా ఏదో ఒక రేఖాంశం మీద. అవి రెండూ మహావృత్తాలు.

చేతిపనిలో గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఉన్ని దారం పనికిరాదు, అది సాగుతుంది, లాగిన బలాన్ని బట్టి దూరం మారిపోతుంది. కుట్టుపని నూలు దారం మంచిది. దారం గ్లోబును అంటిపెట్టుకుని, ముందు జరిపినచోటే ఆగిపోతుంటుంది. అందుకని బిగించి పట్టుకుని, నడిమి భాగాన్ని కాస్త పైకెత్తి వదలాలి. రెండు మూడుసార్లు ఎత్తి వదిలినా ఒకే చోట పడితే అదే దారి. గ్లోబును పట్టి ఉంచే వంపు కమ్మీ దారానికి అడ్డుపడితే గోళాన్ని స్టాండు నుంచి తీసేయడమే మేలు. కొండలు చేతికి తగిలేలా ఉబ్బెత్తుగా చేసిన గ్లోబులు ఈ పనికి వద్దు. నిజమైన కొలతలో ఎవరెస్టు ఈ గ్లోబు మీద ఒక మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. అక్కడ కనిపించే కొండలు చూపు కోసం పెంచినవి, దారం వాటి మీదుగా ఎక్కి దిగి దూరాన్ని పెంచుతుంది.

దగ్గరి నగరాలకు కూడా ఇది వద్దు. 300 కిలోమీటర్ల దూరం గ్లోబు మీద 7 మిల్లీమీటర్లు. అందులో ఒకటి అటూ ఇటూ అయితే జవాబులో ఏడో వంతు గల్లంతు. పైగా అంత దగ్గరైతే మనం వెళ్లేది రోడ్డు మీద, దాని మలుపులు దారానికి తెలియవు. విమానాలు కూడా దారం గీసిన దారినే పోతాయని లేదు. టోక్యో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లేవి పడమటి నుంచి వీచే ఎత్తైన గాలిప్రవాహాన్ని అందుకోవడానికి పక్కకు జరుగుతాయి, తిరిగి వచ్చేటప్పుడు దాన్ని తప్పించుకుంటాయి.

చివరగా మాడ్రిడ్ నుంచి న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌కు కొలవమన్నాను. పది నిమిషాలు కుస్తీ పట్టింది. అమెరికా మీదుగా వేస్తే 46 సెంటీమీటర్ల పైచిలుకు. ఆసియా మీదుగా వేసినా 46 పైచిలుకే. ఆఫ్రికా మీదుగా కిందికి లాగినా అంతే. ఎత్తి వదిలితే దారం ఎటూ జరగకుండా పెట్టినచోటే కూర్చుంటోంది.

"ఇది పాడైపోయింది మామయ్యా, జరగడం మానేసింది."

గోళాన్ని ఎత్తి, ఒక చూపుడువేలు మాడ్రిడ్ మీద, రెండోది వెల్లింగ్టన్ మీద ఆనించి పట్టుకోమన్నాను. వేళ్లు ఒకదానికొకటి ఎదురుగా, మధ్యలో మొత్తం భూమి.