మూడు నిమిషాల పిచ్: ఆ గడువు ఎలా వచ్చింది, అందులో ఏం పట్టాలి

కొత్త కంపెనీలు పెట్టుబడిదారుల ముందు తమ పని చూపించే డెమో డే పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలో స్టార్టప్‌లకు తొలి పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ సంస్థ. 2005లో కేంబ్రిడ్జ్‌లో వాళ్ల మొదటి బ్యాచ్‌లో ఉన్నవి ఎనిమిది కంపెనీలే. 2012 వేసవి బ్యాచ్‌కి అవి 84 అయ్యాయి. అన్నింటినీ వరసగా చూపించాలంటే ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలకు మించి ఇవ్వడం కుదరలేదు. అయినా పెద్ద ఇబ్బంది రాలేదు. పిచ్ నచ్చిన పెట్టుబడిదారు, చెప్పినవాళ్లు స్టేజీ దిగగానే పట్టుకుని, మిగతావి అడిగి తెలుసుకునేవాడు.

2020 మార్చిలో కరోనాతో ఆ డెమో డే కూడా ఆన్‌లైన్‌కి మారింది. ఇప్పుడు మన పోటీల్లోనూ ముందు వీడియో పంపమని అడగడం మామూలైంది. చూసేవాడు మధ్యలో ప్రశ్న వేయలేడు. అనుమానం వస్తే తర్వాతి వీడియోకి వెళ్లిపోతాడు. అందుకే అతను అడగబోయే ప్రశ్నకు జవాబు స్క్రిప్టులోనే ఉండాలి.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ కొలిచే పరికరం చేసిన ఒక టీమ్ ఉందనుకుందాం. తెలుగులో తొందరపడకుండా చెబితే నిమిషానికి దాదాపు వంద పదాలు, మొత్తం మూడు వందలు. కథకు మొదటి నిమిషం చాలు. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక గుంటలో వదిలే రొయ్య పిల్లల సంఖ్య బాగా పెరిగింది, నీటికి గాలి అందించే ఏరేటర్లు లేనిదే సాగు నడవడం లేదు. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ టైమ్‌లో కరెంటు పోయి, డీజిల్ ఇంజన్ వేసే మనిషి నిద్రలో ఉంటే పంట మొత్తం పోవచ్చు. రాత్రి మూడింటికి రైతు ఫోన్‌లో మోగే అలారం చూపిస్తే, పరికరం దేనికో వేరే చెప్పక్కర్లేదు.

ఎక్కువ స్క్రిప్టులు తేలిపోయేది అంకెల దగ్గరే. 'నలభై గుంటల్లో మా పరికరం ఉంది' అంటారు. అందులో ఉచితంగా పెట్టినవెన్నో చెప్పరు. పైగా వనామీ పంట మూడు నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది, తర్వాత గుంట ఎండబెడతారు. కాబట్టి నెలనెలా పెరుగుదల గ్రాఫ్ ఇక్కడ మోసం చేస్తుంది. నా లెక్కలో బరువైన మాట ఇది: 'నలభైలో ఇరవై రెండు గుంటలకు నెలకు 1,500 రూపాయలు కట్టారు. వాటిలో పదహారింటికి రెండో పంటకూ డబ్బు కట్టి పెట్టించుకున్నారు.' మానేసిన ఆరింటికి కారణం కూడా ఒక్క వాక్యంలో చెప్పాలి. ఉప్పునీళ్లలో సెన్సర్‌కి పాచి పట్టి రీడింగ్ తప్పడం లాంటిది చెప్పి, దాన్నెలా సరిచేశారో అంటే నమ్మకం పెరుగుతుంది.

చివరి నలభై సెకన్లు డబ్బు అడగడానికి. 'అరవై లక్షలు కావాలి' అని ఆపేస్తే సరిపోదు. ఆ డబ్బు పద్దెనిమిది నెలలకు సరిపోతుందనీ, ఈలోపు డబ్బు కట్టే గుంటలు రెండు వందలు అవుతాయనీ, అంటే సాగు నడిచే నెలల్లో నెలకు మూడు లక్షల రాబడి అనీ చెప్పాలి. అందులో సెన్సర్లకెంత, ఊళ్లు తిరిగి శుభ్రం చేసే మనుషులకెంత అన్నది ఆ వెంటనే రావాలి.