డబ్బు బ్యాంకులో ఉండగానే డిఫాల్ట్: అర్జెంటీనా డాలర్ బాండ్ల కథ

2014 జూన్ చివర్లో అర్జెంటీనా ప్రభుత్వం తన బాండ్ల మీద కట్టాల్సిన వడ్డీలో 53.9 కోట్ల డాలర్లను బ్యాంక్ ఆఫ్ న్యూయార్క్ మెలన్ ఖాతాలో జమ చేసింది. నెల రోజుల అదనపు గడువు జూలై 30న ముగిసింది. సొమ్ము ఖాతాలోనే ఉంది, బాండ్లు కొన్నవాళ్ల చేతికి మాత్రం రాలేదు. రేటింగ్ సంస్థలు అర్జెంటీనా మళ్లీ డిఫాల్ట్ అయిందని ప్రకటించాయి. కట్టడానికి సిద్ధపడి, డబ్బు కూడా పంపిన దేశం ఎగవేతదారు ఎలా అయింది? దీనికి జవాబు 1990ల్లో రాసుకున్న అప్పు పత్రాల్లో ఉంది.

1989లో అర్జెంటీనాలో ధరలు ఏడాదిలోనే ముప్పై రెట్లకు పైగా పెరిగాయి. అప్పటి కరెన్సీ ఆస్ట్రల్ మీద జనానికి నమ్మకం పోయింది. 1991 ఏప్రిల్‌లో ఆర్థిక మంత్రి డొమింగో కవాల్లో డాలర్‌తో మారకపు రేటును చట్టంలోనే పెట్టేశారు, 1992లో కొత్త కరెన్సీగా పెసో వచ్చాక అది ఒక పెసోకి ఒక డాలర్ అయింది. ధరలు నిజంగానే అదుపులోకి వచ్చాయి. దీనితో పాటు ఇంకొకటి కూడా జరిగింది. పెసో, డాలర్ ఒకటే అయినప్పుడు తక్కువ వడ్డీకి దొరికే డాలర్లలో అప్పు చేస్తే తప్పేముందని అందరూ అనుకున్నారు. కంపెనీలు, ఇల్లు కొనుక్కునే కుటుంబాలు కూడా డాలర్లలోనే అప్పు తీసుకున్నాయి. ప్రభుత్వం న్యూయార్క్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మార్కెట్లలో వరసగా బాండ్లు అమ్మింది. కానీ దానికి పన్నులు వచ్చేది పెసోల్లో.

ఈ తేడా అసలైన ప్రమాదం. సొంత కరెన్సీలో అప్పు ఉంటే ప్రభుత్వం చివరికి నోట్లు ముద్రించైనా కట్టగలదు. ధరలు పెరుగుతాయి, జనం నష్టపోతారు, కానీ బాకీ తీరుతుంది. డాలర్లను మాత్రం బ్యూనస్ ఎయిరెస్‌లో ముద్రించలేరు. ఎగుమతుల ద్వారా సంపాదించాలి, లేదా మళ్లీ అప్పు తేవాలి. 1999 జనవరిలో పక్కనున్న బ్రెజిల్ తన కరెన్సీ విలువ తగ్గించుకుంది. అదే సమయంలో డాలర్ బలపడుతోంది, దానికి కట్టేసి ఉన్న పెసో కూడా బలపడుతోంది. అర్జెంటీనా సరుకులు బయట కొనేవాళ్లకు ఖరీదైపోయాయి. 1998లో మొదలైన మాంద్యం ఇక వదల్లేదు. విలువ తగ్గించుకుంటే ఎగుమతులు కోలుకుంటాయి, కానీ డాలర్ అప్పులు పెసోల్లో అంతకంతకూ పెరుగుతాయి. తగ్గించకపోతే మాంద్యం, నిరుద్యోగం. ఏ దారి పట్టినా దెబ్బే.

ఇలాంటి చోట ప్రభుత్వాలు దాదాపు ఎప్పుడూ చేసేది ఒకటే, కాలం కొనుక్కోవడం. 2001 జూన్‌లో సుమారు 2,950 కోట్ల డాలర్ల పాత బాండ్లను తీసుకుని, గడువు ఎక్కువున్న కొత్త బాండ్లు ఇచ్చారు. దీన్ని మెగాస్వాప్ అన్నారు. వెంటనే కట్టాల్సిన వాయిదాలు వాయిదా పడ్డాయి గానీ, దాని ఖరీదు ఏడాదికి 15 శాతం దరిదాపుల్లో వడ్డీ. ఆదాయం పెరగని దేశం అంత వడ్డీకి ఒప్పుకుందంటే, కట్టగలనని దానికే నమ్మకం లేదని మార్కెట్‌కు అర్థమైపోతుంది. నా దృష్టిలో ఈ కథలో క్షమించడం కష్టమైన నిర్ణయం ఇదే. ఎలాగూ తప్పని అప్పుల పునర్వ్యవస్థీకరణను, అంటే బాకీ షరతులు మార్చుకోవడాన్ని, కొన్ని నెలలు వెనక్కి నెట్టడానికి భారాన్ని మరింత పెంచారు.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. జనం బ్యాంకుల నుంచి డాలర్లు తీసుకోవడం మొదలుపెట్టారు. డిసెంబర్ మొదట్లో ప్రభుత్వం వారానికి 250 పెసోలకు మించి నగదు తీయకూడదని ఆంక్ష పెట్టింది. అదే వారంలో అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ ఐఎంఎఫ్ తన తర్వాతి విడత రుణం ఆపేసింది. వీధుల్లో జరిగిన గొడవల్లో ముప్పై మందికి పైగా చనిపోయారు. డిసెంబర్ 20న అధ్యక్షుడు డె లా రువా రాజీనామా చేశారు. 23న తాత్కాలిక అధ్యక్షుడు రోద్రిగేస్ సా విదేశీ బాండ్ల చెల్లింపులు ఆపేస్తున్నామని పార్లమెంట్‌లో ప్రకటించారు. సభ్యులు చప్పట్లు కొట్టారు. 2002 జనవరిలో పెసో, డాలర్ ముడి తెగింది. ఏడాది మధ్యకల్లా డాలర్‌కు మూడున్నర పెసోలు దాటింది.

ఆ మారకపు లెక్క అప్పును ఏం చేసిందో చూడండి. వంద డాలర్ల బాకీ నిన్నటిదాకా వంద పెసోల పన్నుతో తీరేది. ఇప్పుడు దానికి మూడు వందల యాభై పెసోలు కావాలి. పన్నులేమో మాంద్యం వల్ల తగ్గాయి. డిఫాల్ట్‌కు ముందు జీడీపీలో సగం చుట్టుపక్కల ఉన్న ప్రభుత్వ అప్పు, 2002లో జీడీపీకి ఒకటిన్నర రెట్లు అయింది. అంత అప్పు కొత్తగా ఎవరూ తేలేదు, కరెన్సీ మారకమే దాన్ని అలా చేసింది. ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ 11 శాతం కుంగింది. జనాభాలో సగానికి పైగా పేదరికంలోకి జారిపోయారు. బాండ్ల చర్చల్లో ఈ ఒక్క వాక్యం తరచూ మాయమైపోతుంటుంది.

చెల్లింపు ఆగిన బాండ్ల అసలు సుమారు 8,200 కోట్ల డాలర్లు. 152 రకాల బాండ్లు, అరడజను కరెన్సీలు, ఎన్నో దేశాల చట్టాలు. కొన్నవాళ్లలో ఇటలీలో దాచుకున్న సొమ్ము పెట్టిన లక్షలాది మామూలు మదుపరులు కూడా ఉన్నారు. ఒక కంపెనీ మునిగితే దివాలా కోర్టు ఉంటుంది. అక్కడ జడ్జి అందరినీ ఒకచోట కూర్చోబెడతారు. మెజారిటీ ఒప్పుకుంటే మిగతావాళ్లూ కట్టుబడాలి. దేశానికి అలాంటి కోర్టు లేదు. 2001 నవంబర్‌లో ఐఎంఎఫ్ ఉపాధిపతి ఆన్ క్రూగర్ అలాంటి అంతర్జాతీయ ఏర్పాటు ఒకటి ప్రతిపాదించారు. అమెరికా ఒప్పుకోలేదు, 2003లో అది పక్కకు పోయింది.

కాబట్టి అర్జెంటీనా చేయగలిగింది బేరం పెట్టడమే. 2005లో పాత బాండ్లు ఇచ్చి కొత్తవి తీసుకోమంది. అసలులో మూడింట రెండొంతులు వదులుకుని మంచి వడ్డీ తీసుకోవచ్చు, లేదా అసలు అలాగే ఉంచుకుని తక్కువ వడ్డీతో 2038 దాకా ఆగొచ్చు. దేశం అనుకున్నదానికన్నా వేగంగా ఎదిగితే అదనంగా కొంత ఇచ్చే పత్రాలు కూడా జత చేసింది. 76 శాతం బాకీ మీద ఒప్పందం కుదిరింది. 2010లో మళ్లీ అవకాశం ఇచ్చాక అది 93 శాతానికి చేరింది. రాని వాళ్లను బెదిరించడానికి, ఇక వాళ్లకు ఏమీ ఇవ్వబోమని ఒక చట్టం కూడా చేసింది.

మిగిలిన 7 శాతమే తర్వాతి కథంతా నడిపింది. వీరిలో ముందున్నది పాల్ సింగర్‌కు చెందిన ఎలియట్ సంస్థ అనుబంధ ఫండ్, ఎన్ఎమ్ఎల్ క్యాపిటల్. ఇలాంటి ఫండ్లు డిఫాల్ట్ అయిన బాండ్లను చాలా తక్కువ ధరకు కొని, మొత్తం అసలు, వడ్డీ కోసం కోర్టుకు వెళతాయి. వీళ్లకు రెండు విషయాలు కలిసొచ్చాయి. ఆ బాండ్లు న్యూయార్క్ చట్టం కింద ఉన్నాయి, వాటిలో చెల్లింపు షరతులు మార్చాలంటే ప్రతి ఒక్క మదుపరి ఒప్పుకోవాలి. రెండోది, ఆ రాష్ట్ర చట్టం ప్రకారం కట్టకుండా ఆగిన మొత్తం మీద ఏటా 9 శాతం వడ్డీ పెరుగుతూ పోతుంది. ఓపిక పట్టినవాడికే లాభం.

తీర్పు తెచ్చుకోవడం తేలికే, వసూలు చేయడమే కష్టం. రాయబార కార్యాలయాలకు, కేంద్ర బ్యాంకు నిల్వలకు జప్తు నుంచి చట్టపరమైన రక్షణ ఉంటుంది. 2012 అక్టోబర్‌లో ఎన్ఎమ్ఎల్ ఘనాలోని తెమా రేవులో అర్జెంటీనా నౌకాదళ శిక్షణ నౌక లిబెర్తాద్‌ను ఆపించింది. అది యుద్ధనౌక కిందికి వస్తుంది కాబట్టి వదిలేయాలని సముద్ర చట్టాల ట్రిబ్యునల్ డిసెంబర్‌లో ఆదేశించింది. ఆస్తులు పట్టుకునే దారి ఎంత ఇరుకైనదో ఈ ఉదంతమే చెబుతుంది.

అసలు ఆయుధం పారీ పాసూ అనే నిబంధనలో దొరికింది. ఈ బాండ్ల చెల్లింపు బాధ్యత మిగతా విదేశీ అప్పులతో సమానంగా ఉంటుందని దాని సారాంశం. దశాబ్దాలుగా దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. న్యూయార్క్ జడ్జి థామస్ గ్రీసా దానికి పదునైన అర్థం చెప్పారు. కొత్త బాండ్ల వాళ్లకు రావాల్సిన వాయిదా పూర్తిగా కడితే, పాత బాండ్ల వాళ్లకూ రావాల్సింది పూర్తిగా కట్టాలి. పాత బాండ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది, కాబట్టి వాళ్లకు రావాల్సింది మొత్తం అసలు, పేరుకున్న వడ్డీ. కేసు వేసిన వాళ్ల లెక్కలో అది 133 కోట్ల డాలర్లు. అది కట్టకుండా కొత్త బాండ్ల సొమ్ము పంచితే ఆ పంచే బ్యాంకు కూడా కోర్టు ఆదేశాన్ని ధిక్కరించినట్టే. ఆస్తి ఏదీ పట్టుకోలేదు, చెల్లింపు దారినే మూసేశారు. 2014 జూన్ 16న అమెరికా సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి నిరాకరించింది. అందుకే ఆ 53.9 కోట్ల డాలర్లు ఖాతాలో ఇరుక్కుపోయాయి.

రాజీ పడటానికి కూడా ఒక చిక్కు ఉంది. 2014 చివరిలోపు తనంతట తాను పాతవాళ్లకు ఎక్కువ ఇస్తే, అదే కొత్తవాళ్లకూ ఇస్తానని అర్జెంటీనా 2005లో మాట ఇచ్చింది. అంటే 133 కోట్లతో పోయేది కాదేమో అన్న భయం న్యాయమైనదే.

2015 డిసెంబర్‌లో మాక్రీ అధ్యక్షుడయ్యారు. 2016 ఫిబ్రవరి 29న నాలుగు పెద్ద ఫండ్లకు 465 కోట్ల డాలర్లు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. ఆ సొమ్ము కోసం ఏప్రిల్‌లో 1,650 కోట్ల డాలర్ల కొత్త బాండ్లు అమ్మారు. కోర్టు ఆంక్ష తొలగింది. 2005లోనే సర్దుకుని నష్టం ఒప్పుకున్న మదుపరులకన్నా కోర్టుకెక్కిన ఫండ్లకు ఎన్నో రెట్లు దక్కింది. తర్వాతి సంక్షోభంలో ఎవరైనా ముందుకొచ్చి నష్టం ఎందుకు ఒప్పుకోవాలి?

ఈ ప్రశ్నకు జవాబు బాండ్ల పత్రాల్లోనే రాయడం మొదలైంది. 2014 ఆగస్టులో అంతర్జాతీయ క్యాపిటల్ మార్కెట్ అసోసియేషన్ కొత్త నమూనా నిబంధనలు ఇచ్చింది. అన్ని రకాల బాండ్లనూ కలిపి ఒకే ఓటింగ్ పెట్టొచ్చు. 75 శాతం బాకీ ఉన్నవాళ్లు ఒప్పుకుంటే మిగతావాళ్లూ కట్టుబడాలి. ఏదో ఒక చిన్న బాండ్‌లో ఎక్కువ వాటా కొని మొత్తం బేరాన్ని అడ్డుకునే ఎత్తు దీనితో బలహీనపడింది. పారీ పాసూ నిబంధనలోనూ అందరికీ దామాషాలో కట్టాలన్న అర్థం రాదని స్పష్టంగా రాశారు.

దానికి పరీక్ష 2020లో మళ్లీ అర్జెంటీనాకే వచ్చింది. మే 22న వడ్డీ కట్టలేక డిఫాల్ట్ అయింది. 6,500 కోట్ల డాలర్ల బాండ్ల మీద బేరం ఆగస్టు చివరికి ముగిసింది, ఓటింగ్ నిబంధనలతో 99 శాతం బాకీ మారిపోయింది. పదిహేనేళ్లు పట్టిన పని నెలల్లో అయింది. గొడవ మాత్రం లేకపోలేదు. ఓట్లు లెక్కించాక, నచ్చని బాండ్లను లెక్కలోంచి తీసేసి మెజారిటీ చూపించే వీలు ప్రభుత్వానికి ఉందని మదుపరులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. చివరి ఒప్పందంలో ఆ వీలును పరిమితం చేశారు.

ఈ ఓటింగ్ బాండ్లకే వర్తిస్తుంది. 2018లో తీసుకున్న ఐఎంఎఫ్ రుణంలో సుమారు 4,400 కోట్ల డాలర్ల బాకీ దీని బయటే ఉండిపోయింది. ఐఎంఎఫ్ అసలులో కోత పెట్టదు. అందుకని 2022 మార్చిలో దాని వాయిదాలు కట్టడానికి ఐఎంఎఫ్ నుంచే కొత్త రుణం తీసుకోవాల్సి వచ్చింది, అది తీర్చాల్సిందీ విదేశీ కరెన్సీలోనే.