స్టేషన్‌లో 24 గంటలు: అరెస్టు హక్కుపై అపోహలు - వాస్తవాలు

శనివారం రాత్రి 9 గంటలకు విజయవాడలో ఒకరిని ఇంటి నుంచి స్టేషన్‌కు తీసుకెళ్లారనుకుందాం. సోమవారం ఉదయం 11 గంటలకు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచారు. అంటే 38 గంటలు. చట్టం ఇచ్చిన గడువు 24 గంటలే. రిమాండ్ రిపోర్టులో మాత్రం అరెస్టు సమయం సోమవారం ఉదయం 6 అని ఉంటుంది. లాయరు వృత్తిలో ఉన్నవాళ్లకు కొత్తగా అనిపించని లెక్క ఇది.

అపోహ: సెలవు రోజు లెక్కలోకి రాదు. కాగితంపై అరెస్టు చూపించాకే గడియారం మొదలవుతుంది.

రాజ్యాంగం 22వ అధికరణం 24 గంటల గడువు నుంచి మినహాయించింది ఒక్క ప్రయాణ సమయాన్నే. గుంటూరులో పట్టుకుని విజయవాడ కోర్టుకు తెస్తే ఓ గంటో గంటన్నరో కలుస్తుంది, అంతే. ఆదివారమైతే మేజిస్ట్రేట్ ఇంటి దగ్గరే హాజరుపరచవచ్చు. ఇక మనిషిని కదలనివ్వకుండా ఆపిన క్షణం నుంచే సమయం లెక్కపెట్టాలని హైకోర్టులు పలు కేసుల్లో చెప్పాయి. ‘అరెస్టు కాదండీ, విచారణకు కూర్చోబెట్టాం’ అన్నంత మాత్రాన గడియారం ఆగదు. పై ఉదాహరణలో గడువు ఆదివారం రాత్రి 9కే ముగిసింది.

ఇదే గడువు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 58వ సెక్షన్‌లోనూ ఉంది. మరి ప్రాథమిక హక్కు అనడం దేనికి? సెక్షన్‌ను పార్లమెంటు మామూలు చట్టంతో మార్చుకోగలదు. 22వ అధికరణాన్ని అలా మార్చడం కుదరదు. దానికి విరుద్ధంగా చట్టం చేస్తే 13వ అధికరణం కింద ఆ మేరకు చెల్లదు. పీడీ యాక్టు లాంటి ముందస్తు నిర్బంధానికి మాత్రం ఈ 24 గంటల నియమం వర్తించదు. అక్కడ నిర్బంధ ఉత్తర్వునే సవాలు చేయాలి.

కేసు నిలబడేదీ పడిపోయేదీ సమయం రుజువు మీదే. ఒకప్పుడు బంధువులు పై అధికారులకు టెలిగ్రాం కొట్టేవారు. దాని మీద పడే సమయమే సాక్ష్యం. 2013లో టెలిగ్రాం పోయింది, అవసరం పోలేదు. తీసుకెళ్లిన వెంటనే విజయవాడలో పోలీస్ కమిషనర్‌కు, గుంటూరులో ఎస్పీకి ఈమెయిల్ పంపండి. ఎవరిని, ఎక్కడి నుంచి, ఎన్ని గంటలకు, ఏ స్టేషన్‌కు తీసుకెళ్లారో అందులో రాయండి. వీధిలోని సీసీ కెమెరా రికార్డింగు చెరిగిపోకముందే కాపీ తీసుకోండి. అరెస్టు మెమోపై కుటుంబసభ్యుడో, ఆ ప్రాంతంలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. అక్కడ తప్పు సమయం కనిపిస్తే సంతకం పక్కనే అసలు సమయం రాయాలి. చదవకుండా సంతకం పెట్టేయడమే ఎక్కువ కేసుల్ని దెబ్బతీసేది.

అపోహ: ప్రాథమిక హక్కు కోసం ఢిల్లీ వెళ్లాల్సిందే.

32వ అధికరణం సుప్రీంకోర్టుకు దారి, 226వది హైకోర్టుకు. విజయవాడ, గుంటూరు వాళ్లకు హైకోర్టు నేలపాడులోనే ఉంది. నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్‌ను భార్య, తండ్రి, స్నేహితుడు ఎవరైనా అఫిడవిట్‌తో వేయవచ్చు. అత్యవసరమైతే అదే రోజు వినాలని లాయరు లంచ్ మోషన్ అడుగుతారు, సెలవు రోజైతే జడ్జి ఇంటి దగ్గరే వినాలని హౌస్ మోషన్. ఇంకో దారి చాలామందికి తెలియదు. బీఎన్‌ఎస్‌ఎస్ 100వ సెక్షన్ కింద ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటే సెర్చ్ వారంటు ఇచ్చి, అక్రమంగా నిర్బంధించిన మనిషిని తన ముందుకు తెప్పించగలరు. లాయరు ఫీజు భారమైతే న్యాయసేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయవచ్చు.

అపోహ: హెబియస్ కార్పస్ వేస్తే మనిషి ఇంటికొచ్చేస్తాడు.

పిటిషన్ పడిందని తెలియగానే పోలీసులు అరెస్టు చూపించి రిమాండ్ తెచ్చుకోవడం మామూలే. విచారణ నాటికి కోర్టు ఉత్తర్వు మీద జైల్లో ఉంటే హెబియస్ కార్పస్ సాధారణంగా నిలవదు. రిమాండ్‌ను యాంత్రికంగా ఇచ్చారనో, అధికార పరిధి లేకుండా ఇచ్చారనో చూపగలిగితే తప్ప. అందుకే మేజిస్ట్రేట్ ముందు నిలబడ్డ మొదటి నిమిషాలు కీలకం. ఎప్పుడు పట్టుకున్నారో, కొట్టారో లేదో నిందితుడు అక్కడే నోరు తెరిచి చెప్పాలి. దాన్ని రికార్డు చేయమని లాయరు అడగాలి. అరెస్టుకు కారణాలు చెప్పారా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, కారణాలు తెలియజేయకపోతే అరెస్టే చెల్లదని, తెలియజేశామని రుజువు చేసుకోవాల్సింది పోలీసులేనని చెప్పింది. అయితే అరెస్టు చెల్లనంత మాత్రాన కేసు కొట్టుడుపోదు. దర్యాప్తు, చార్జిషీటు కొనసాగుతాయి.

అపోహ: విడుదలయ్యాక కోర్టు చేసేదేమీ ఉండదు.

నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లో మగ్గిన రుదుల్ సా కేసులో 1983లో సుప్రీంకోర్టు రిట్‌లోనే పరిహారం ఇప్పించింది. కానీ వాస్తవాలపై పెద్ద వివాదముంటే రిట్ కోర్టు సివిల్ దావా వేసుకోమంటుంది. స్టేషన్ సీసీ కెమెరా రికార్డింగును 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తేదీ, ఆ గంటల రికార్డింగును భద్రపరచమని స్టేషన్ పేరుతో సహా మొదటి వారంలోనే రాతపూర్వకంగా కోరండి.