సెమీ ఆటోమేటిక్ రైఫిల్స్: గ్యాస్ యాక్షన్, రికాయిల్ యాక్షన్ (అపోహలు - వాస్తవాలు)

రైఫిల్స్ విప్పి బిగించే పనిలో ఉన్నాను, ఈ రెండు యాక్షన్ల మీద వినే మాటల్లో సగం తప్పే. అందుకే రెండో ప్రపంచయుద్ధం నాటి రెండు అమెరికన్ రైఫిల్స్‌తో చెప్తా: ఎం1 గరాండ్ గ్యాస్‌ది, ఎం1941 జాన్సన్ రికాయిల్‌ది. రెండిట్లోనూ అదే .30-06 తూటా.

అపోహ: రికాయిల్ రైఫిలే వెనక్కి తంతుంది, గ్యాస్‌ది తన్నదు.

వాస్తవం: తూటా ముందుకి పోతే ఏ తుపాకీ అయినా వెనక్కి రావాల్సిందే. తేడా ఏంటంటే బారెల్‌ని వెనకనుంచి మూసే బోల్ట్‌ని నడిపే శక్తి ఎక్కడినుంచి తీసుకుంటున్నాం అన్నదే. గరాండ్‌లో బారెల్ కదలదు, బుల్లెట్ బారెల్ చివర్లో ఉన్న చిన్న రంధ్రం దాటగానే కొంత గ్యాస్ కింది సిలిండర్‌లోకి దిగి పిస్టన్‌ని తోస్తుంది, దానితోపాటు ఆపరేటింగ్ రాడ్ వెనక్కి వస్తూ ముందు కొంచెం ఖాళీగా జరిగి, ఈలోపు ప్రెషర్ తగ్గాక బోల్ట్‌ని తిప్పి లాక్ విడిపిస్తుంది. జాన్సన్‌లో ఆ రంధ్రమూ పిస్టనూ ఉండవు. బారెల్, బోల్ట్ లాక్ అయ్యే కలిసి కాస్త వెనక్కి జరుగుతాయి, ఆ దారిలోనే బోల్ట్ తిరిగి విడిపోతుంది, బారెల్ ఆగిపోతుంది, బోల్ట్ మాత్రం ఆ ఊపుతో ఇంకా వెనక్కి వెళ్లి ఖాళీ కేస్‌ని బయటికి పారేస్తుంది.

అపోహ: బారెల్‌కి ఏం తగిలించినా ఏమవుద్ది?

వాస్తవం: గరాండ్‌లో బారెల్ కదలదు కాబట్టి బయొనెట్ బరువు బోల్ట్ వెనక్కీ ముందుకీ ఆడటానికి పెద్దగా అడ్డు రాదు. జాన్సన్‌లో మాత్రం బారెలే కదిలే పార్ట్. తూటా ఇచ్చే ఊపు అంతే, బరువు పెరిగితే వేగం తగ్గుతుంది, బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లదు. అందుకే దానికి సన్నటి, తేలికైన బయొనెట్ ఇచ్చారు. దాన్ని చూసి బొమ్మలా ఉందనేవాళ్లు ఈ లెక్క చూడరు.

అపోహ: తూటా కూర్చునే ఛాంబర్‌లో ప్రెషర్ సేఫ్‌గా ఉంటే గరాండ్‌లో ఏ .30-06 తూటా అయినా కాల్చొచ్చు.

వాస్తవం: ఇది నిజంగా నష్టం చేసే అపోహ. నెమ్మదిగా కాలే పౌడర్ వాడితే ఛాంబర్ దగ్గర ప్రెషర్ మామూలుగానే ఉన్నా, బుల్లెట్ రంధ్రం దగ్గరికి వచ్చేసరికి అక్కడ ప్రెషర్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంటుంది, దాంతో పిస్టన్ మరీ గట్టిగా కొట్టి పొడుగ్గా ఉండే ఆపరేటింగ్ రాడ్ వంగిపోవచ్చు. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో అదే తూటా బాగానే పేలుతుంది, ఎందుకంటే అక్కడ రంధ్రమే లేదు.

దీనికి రివర్స్ కూడా ఉంది. పిస్టన్ తల అరిగితే గ్యాస్ పక్కనుంచి కారి తోపు చాలదు. అప్పుడు ఖాళీ కేస్ బోల్ట్ మధ్యలో ఇరుక్కుంటుంది, లేదా కేస్ బయటపడ్డా తర్వాతి తూటా ఎక్కదు, ఎనిమిదో తూటా తర్వాత తూటాల్ని పట్టి ఉంచే క్లిప్ ఎగిరి బయటికి రాదు. ఇవి కనిపిస్తే స్ప్రింగ్ మార్చేముందు పిస్టన్, సిలిండర్ కొలతలు చూడండి. మన ఎస్ఎల్ఆర్ మీద పనిచేసినవాళ్లకి గ్యాస్ రెగ్యులేటర్ తెలుసు, అక్కడ గ్యాస్ చాలకపోతే అది తిప్పి పెంచుకోవచ్చు. యుద్ధంలో వాడిన గరాండ్‌లో అలాంటి సర్దుబాటు లేదు. జాన్సన్‌లో ఇలాంటి లక్షణం కనిపిస్తే బారెల్ జారే చోట మురికి, తుప్పు ఉందేమో ముందు చూడాలి, ఆ తర్వాత బారెల్‌కి ఏదైనా బరువు తగిలించారేమో అడగాలి.