చవక క్లిక్కు, ఖరీదైన ఫోను

విజయవాడలో ఆర్ఓ వాటర్ ప్యూరిఫయర్లు రిపేరు చేసే పాఠకుడొకరు అడిగారు: "గూగుల్ యాడ్స్‌లో బ్రాడ్ మ్యాచ్‌కి క్లిక్కు ఇరవై రూపాయలే పడుతోంది, ఎగ్జాక్ట్‌కి నలభై. కానీ ఫోన్లు ఎక్కువగా ఎగ్జాక్ట్ నుంచే వస్తున్నాయి. బ్రాడ్ తీసేయమంటారా?"

తీసేయొద్దు. అలాగని ఉన్నదున్నట్టు ఉంచొద్దు కూడా. ఎందుకో చెప్పాలంటే లెక్క విప్పాలి. ఎవరేం వెతికితే మన యాడ్ చూపించాలో గూగుల్‌కి చెప్పే మాటలే కీవర్డ్‌లు. ముందుగా ఒకే కీవర్డ్‌ని మూడు రకాలుగా, అంటే మూడు మ్యాచ్ టైపుల్లో, ఎలా రాస్తారో చూడండి. వరసగా బ్రాడ్, ఫ్రేజ్, ఎగ్జాక్ట్:

```
ro service
"ro service"
[ro service]
```

చదరపు బ్రాకెట్లలో పెడితే అచ్చం ఆ మాటలకే యాడ్ వస్తుందని చాలామంది ఇంకా అనుకుంటారు. ఆ రోజులు పోయాయి. స్పెల్లింగ్ తప్పులు, ఏకవచన బహువచనాల తేడాలు ఉన్న వెతుకులాటలను 2014 నుంచి గూగుల్ తప్పనిసరిగా కలిపేస్తోంది. 2018 నుంచి అర్థం ఒకటైతే చాలు, ఎగ్జాక్ట్ పలుకుతుంది. ఫ్రేజ్‌కి ఆ అర్థం వెతికినదాంట్లో ఎక్కడో ఒకచోట ఉండాలి. బ్రాడ్ మాత్రం సంబంధం ఉందనిపించిన ప్రతిదానికీ వెళ్తుంది. ఆ మనిషి అంతకుముందు ఏం వెతికాడో, మన వెబ్‌పేజీలో ఏముందో కూడా చూస్తుంది.

ఇప్పుడు ఒక నెల లెక్క. అంకెలు ఉదాహరణ కోసం గుండ్రంగా వేసుకున్నవి. ఎగ్జాక్ట్: 200 క్లిక్కులు, 8,000 రూపాయలు, 20 ఫోన్లు. ఫ్రేజ్: 300 క్లిక్కులు, 9,000 రూపాయలు, 18 ఫోన్లు. బ్రాడ్: 600 క్లిక్కులు, 12,000 రూపాయలు, 15 ఫోన్లు. అంటే ఒక్కో ఫోనుకు వరసగా 400, 500, 800 రూపాయలు. ఇక్కడితో ఆగిపోతే బ్రాడ్ దండగ అనిపిస్తుంది.

కానీ మ్యాచ్ టైప్‌కి సొంతంగా ధరంటూ ఏమీ లేదు. యాడ్ చోటుకు ప్రకటనదారుల మధ్య వేలం జరిగేది ఎవరో ఏదో వెతికిన ప్రతిసారీ, ఆ వెతుకులాట కోసం. బ్రాడ్ క్లిక్కు చవగ్గా ఉందంటే, పోటీదారులు పెద్దగా పట్టించుకోని వెతుకులాటలు అందులో ఎక్కువున్నాయని అర్థం. అవేమిటో, జనం నిజంగా టైపు చేసిన మాటల్ని చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్టులో ఉంటాయి. బ్రాడ్‌కి వచ్చిన 600 క్లిక్కుల్ని అక్కడ మూడు కుప్పలుగా పోద్దాం.

మొదటి కుప్పలో `water purifier not working`, `ro filter change at home` లాంటివి. 150 క్లిక్కులు, 4,800 రూపాయలు, 12 ఫోన్లు. రెండో కుప్పలో `best water purifier under 10000` లాంటివి, అంటే కొత్త మెషీన్ కొనేవాళ్లు: 250 క్లిక్కులు, 4,000 రూపాయలు, 3 ఫోన్లు. మూడోది `ro technician jobs`, `how to clean ro filter` బాపతు: 200 క్లిక్కులు, 3,200 రూపాయలు, ఒక్క ఫోనూ లేదు.

మొదటి కుప్పలో ఫోనుకు ఎంత పడింది? 4,800ని 12తో భాగిస్తే 400. సరిగ్గా ఎగ్జాక్ట్‌కి పడినంతే! మనిషి ఇంట్లో నీళ్లు రావట్లేదని కంగారులో వెతుకుతున్నాడు, కాకపోతే "సర్వీస్" అనే మాట వాడలేదు. ఆ మాట మనకు తట్టలేదు కాబట్టి ఎగ్జాక్ట్‌లో పెట్టలేదు. బ్రాడ్ తీసేస్తే ఈ 12 ఫోన్లకు కూడా ఎసరొస్తుంది.

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా సరదాగా అనిపించే చిక్కు మరొకటి ఉంది. ఎగ్జాక్ట్ కీవర్డ్‌తో అక్షరాలా సరిపోయే వెతుకులాట వస్తే, ఆ కీవర్డ్‌కి బడ్జెట్ ఉన్నంతవరకు గూగుల్ దానికే మొగ్గు చూపుతుంది. బంగారం లాంటి వెతుకులాటలన్నీ ముందే ఎగ్జాక్ట్ ఎత్తుకుపోతే, బ్రాడ్‌కి మిగిలేది అడుగూ బొడుగూ. అలా మిగిలినదాన్ని పట్టుకుని మార్కులు వేస్తున్నాం మనం. ఎగ్జాక్ట్‌ని ఆపేశామని, ఆ క్లిక్కులు అదే ధరకు బ్రాడ్‌కే చేరాయని అనుకుందాం. అప్పుడు బ్రాడ్‌కి 20,000 రూపాయలు, 35 ఫోన్లు. ఫోను ఖర్చు 800 నుంచి ఒక్క దెబ్బకు 571కి పడిపోతుంది. వెతికిన మనుషులు మారలేదు, యాడ్ మారలేదు. మారింది ఎవరి పద్దులో రాశామన్నది మాత్రమే. అందుకే మ్యాచ్ టైప్ వరసల్ని పక్కపక్కన పెట్టి "ఇది మంచిది, అది చెడ్డది" అని తేల్చే రిపోర్టులంటే నాకు నమ్మకం లేదు.

పోనీ, ఫోను రాని వెతుకులాటల్ని ఒక్కొక్కటిగా ఏరిపారేద్దామా? అక్కడ తొందర పనికిరాదు. నూటికి పది క్లిక్కులు ఫోన్లుగా మారే మంచి వెతుకులాటే అయినా, వరసగా పది క్లిక్కుల్లో ఒక్కటీ మారకపోయే అవకాశం 0.9ని పదిసార్లు గుణించినంత, అంటే 35 శాతం. మూడింట ఒకసారి జరిగేదే. పది క్లిక్కులకే "దీని ముఖం బాగాలేదు" అని తీసేయడం శకునం చూడటమే. ముప్పై క్లిక్కులు వట్టిపోతే ఆ అవకాశం 4 శాతానికి దిగుతుంది, అప్పుడు అనుమానించొచ్చు. అయితే ఒక్కో వెతుకులాటకు ముప్పై క్లిక్కులు ఎప్పటికి రావాలి? కుప్పలు పోయమన్నది అందుకే. `jobs` అన్న మాట ఉన్నవన్నీ కలిపి చూస్తే నిర్ణయానికి సరిపడా క్లిక్కులు త్వరగా పోగవుతాయి.

తేలాక ఆ మాటను నెగటివ్ కీవర్డ్‌గా పెట్టాలి, అంటే అది వెతికినవాళ్లకు మన యాడ్ చూపొద్దని గూగుల్‌కి చెప్పాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు కీవర్డ్‌లా నెగటివ్ చుట్టుపక్కల అర్థాలకు పాకదు. `jobs` ఆపితే `job` ఆగదు, `vacancy` అసలే ఆగదు. విడివిడిగా రాసుకోవాలి. పైగా కొద్దిమందే వెతికినవాటిని 2020 సెప్టెంబరు నుంచి గూగుల్ ఈ రిపోర్టులో చూపించడం తగ్గించేసింది. పైన నేను 600 క్లిక్కులూ కనబడ్డట్టు లెక్క వేశాను గానీ, నిజం అకౌంట్లో కొంత భాగం చీకట్లోనే ఉంటుంది. బ్రాడ్‌లో ఆ భాగం పెరుగుతోందంటే బడ్జెట్‌కి కళ్లెం వేయాలి.

ఇంతవరకు ఫోన్లనే లెక్కపెట్టాం. ఫోను వస్తే పని వచ్చినట్టు కాదు కదా. "టెక్నీషియన్ ఉద్యోగం ఉందా అండీ?" అని నిమిషంపైన మాట్లాడినా గూగుల్ లెక్కలో అది కన్వర్షనే, అంటే యాడ్ తెచ్చిన ఫలితమే, కావచ్చు. కాల్‌కి మనం పెట్టిన సెకన్ల హద్దు దాటితే చాలు. వేలంలో ధర ఎంత పాడాలో గూగుల్‌కే వదిలేసే ఆటోమేటిక్ బిడ్డింగ్ పెట్టుకున్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. ఆ యంత్రం మనం దేన్ని కన్వర్షన్ అంటే దాని వెంట పడుతుంది, బ్రాడ్ దానికి పరుగెత్తడానికి మైదానం ఇస్తుంది. ఉద్యోగం అడిగేవాళ్ల ఫోన్లను గెలుపుగా చూపిస్తే అలాంటివాళ్లనే ఇంకా తెచ్చిపెడుతుంది. కాబట్టి ఏ క్లిక్కు నుంచి నిజంగా రిపేరు పని కుదిరిందో తిరిగి గూగుల్‌కి అప్‌లోడ్ చేయాలి.

పనుల లెక్కన చూస్తే వరస మళ్లీ మారుతుంది. ఎగ్జాక్ట్ ఇరవై ఫోన్లలో 12 పనులు కుదిరితే పనికి 667 రూపాయలు. బ్రాడ్ మొదటి కుప్పలో 12 ఫోన్లకు 6 పనులైతే 800. ఫ్రేజ్ 18 ఫోన్లకు 9 పనులైతే 1,000. విడిభాగాలు, పెట్రోలు పోగా ఒక్కో పనికి 900 మిగిలే దుకాణంలో నష్టం తెస్తున్నది ఫ్రేజ్ కూడా. దాన్నెవరూ అనుమానించలేదు, మధ్యలో మర్యాదగా కూర్చుంది కాబట్టి. ఆ పాఠకుడికి నా సలహా: బ్రాడ్ మొదటి కుప్పలో పనులు తెచ్చిన మాటల్ని ఎగ్జాక్ట్‌లోకి ఎక్కించండి, మూడో కుప్పకు నెగటివ్‌లు పెట్టండి, కొనేవాళ్ల కుప్పను మెషీన్లు అమ్మే ఉద్దేశం ఉంటేనే ఉంచండి. ఆ తర్వాత ఫ్రేజ్ తాలూకు 300 క్లిక్కుల్ని కూడా ఇలాగే కుప్పలు పోయండి.