మిర్చి ఏరుడుకు పోయినవాళ్లు ఏ లెక్కలో ఉంటారు?

మా అక్క కూతురు డిగ్రీ చదువుతోంది. కాలేజీ ప్రాజెక్టు కోసం మహారాష్ట్ర జనాభా అంకెలు పోగుచేస్తూ మొన్న ఫోన్ చేసింది. "మామా, జనగణనలో ఒక అంకె ఉంది. శాంపిల్ సర్వే లెక్కలు కూడితే అంతకన్నా తక్కువ వస్తోంది. రెండూ ప్రభుత్వానివే కదా, ఏది తప్పు?" అని అడిగింది.

బడిలో మనకు చెప్పింది ఒక్కటే: జనగణన అందరినీ లెక్కపెడుతుంది కాబట్టి అది నిజం, సర్వే కొందరినే అడుగుతుంది కాబట్టి అది అంచనా. ఈ మాటతోనే పిల్లల ఆలోచన ఆగిపోతుంది. "అందరూ" అంటే ఎవరో ముందు తేల్చాలని ఎవరూ చెప్పరు. మా గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో పుట్టినవాళ్లకు ఆ సంగతి వివరించడం తేలిక. ఫిబ్రవరిలో ఏ ఊరికైనా వచ్చి సగం ఇళ్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయని అడిగితే, "మిరపకాయ ఏరుడుకు పోయిండ్రు" అంటారు. గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ వైపు చేలల్లో గుడిసెలు వేసుకుని, పంట అయ్యేదాకా అక్కడే ఉంటారు.

2011 జనగణనలో మనుషులను లెక్కపెట్టింది సరిగ్గా ఆ రోజుల్లోనే, ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. ఆ ఇరవై రోజుల్లో ఎప్పుడైనా ఇంట్లో ఉన్నా, 28లోగా తిరిగి వస్తారన్నా సొంత ఊళ్లోనే రాస్తారు. ఆ రోజులన్నీ బయటే ఉంటే ఎక్కడ ఉన్నారో అక్కడ రాయాలి. అంటే జనవరిలో పోయి ఏప్రిల్‌లో తిరిగొచ్చే కూలీ సిరొంచ లెక్కలో ఉండడు. ఖమ్మంలో జనం లెక్క రాసే ఎన్యూమరేటర్ చేనుగట్టు మీది గుడిసె దాకా నడిస్తే అక్కడి లెక్కలో ఉంటాడు. నడవకపోతే ఎక్కడా ఉండడు.

జాతీయ నమూనా సర్వేల వాడుకలో ఉన్న నియమం వేరు. ఇంటికి దూరంగా ఉండేది మొత్తం ఆరు నెలలకన్నా తక్కువైతే ఆ మనిషి ఇంటి సభ్యుడే. కాబట్టి ఐదుగురున్న కుటుంబంలో ముగ్గురు మిర్చికి పోతే, ముసలమ్మా మనవడూ ఉన్న ఆ ఇంటిని జనగణన ఇద్దరుగా రాస్తుంది, సర్వే ఐదుగురుగా రాస్తుంది. రెండూ తమ నియమం ప్రకారం సరైనవే.

అలాగైతే సర్వే అంకె ఎక్కువ రావాలి కదా? మా మేనకోడలికి తక్కువ ఎందుకొచ్చింది? నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

ఒక తాలూకాలో 100 ఊళ్లు, 50,000 మంది ఉన్నారనుకుందాం. చీటీలు తీసి ఐదు ఊళ్లు ఎంచుకుని, అక్కడి మనుషులను లెక్కపెట్టి ఇరవైతో గుణిస్తాం. చీటీల్లో 300, 450, 600, 250, 400 జనం ఉన్న ఊళ్లు వచ్చాయి. కూడితే 2,000, గుణిస్తే 40,000. మళ్లీ తీస్తే 600 ఊరికి బదులు 1,400 మంది ఉన్న పెద్ద ఊరు వచ్చింది. కూడితే 2,800, గుణిస్తే 56,000. ఒక్క చీటీ మారితే 16,000 మంది తేడా! ఇప్పుడు ఇవే ఊళ్లలో ఆరేళ్లలోపు పిల్లలను చూద్దాం. మొదటిసారి 2,000లో 240 మంది, అంటే 12 శాతం. రెండోసారి 2,800లో 340 మంది, 12.1 శాతం. మొత్తం జనాభా అంతలా ఊగినా శాతం కదల్లేదు. పెద్ద ఊరు వస్తే పైన పిల్లలూ పెరుగుతారు, కింద జనమూ పెరుగుతుంది, భాగిస్తే ఆ ఊపు పోతుంది. ఎంతమంది అన్న ప్రశ్నకు సర్వే తడబడుతుంది, నూటికి ఎంతమంది అంటే గట్టిగా చెబుతుంది. అసలు దాన్ని కట్టిందే అందుకోసం.

ఈ ఊపును తగ్గించడానికి సర్వే చేసేవాళ్లు ఒక ఉపాయం వాడతారు. పాత జనగణనలో ఊరికి ఎంతమంది ఉంటే అన్ని చీటీలు వేస్తారు. 1,400 మంది ఊరికి 1,400 చీటీలు, 300 మంది ఊరికి 300. పెద్ద ఊరు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి గుణకం ఆ మేరకు తగ్గిస్తారు. లెక్క విప్పి చూస్తే, ఎంచుకున్న ప్రతి ఊరూ "పాత జనగణన నుంచి నేను ఎన్ని రెట్లయ్యాను" అని మాత్రమే చెబుతుంది. ఆ రెట్ల సగటును పాత మొత్తంతో గుణిస్తే కొత్త అంచనా వస్తుంది. అంటే ఇలాంటి సర్వే జనగణన భుజాల మీదే నిలబడి ఉంది.

అసలు గండి పడేది ఇక్కడే. పాత లెక్కలో 600 మంది ఉన్న ఊళ్లో ఇప్పుడు 660 మంది ఉన్నారు, అంటే 1.10 రెట్లు. ఊరికి దూరంగా అడవంచున 60 మందితో ఒక టోలా, అంటే ఆ ఊరికే చెందిన చిన్న వాడ, ఉంది. ఇళ్ల జాబితా రాసే మనిషి అక్కడికి పోలేదు. ఊరు 1.00 రెట్లే అయింది. ఐదు ఊళ్ల సగటులో 0.02 తగ్గింది. 50,000తో గుణిస్తే 1,000 మంది మాయం. వదిలేసింది 60 మందినే!

చీటీల అదృష్టం రెండు వైపులా ఊగుతుంది, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. శాంపిల్ నాలుగింతలు చేస్తే ఆ ఊపు సుమారు సగమవుతుంది. వదిలేయడం మాత్రం ఒకవైపే లాగుతుంది. ఉన్న టోలా వదిలేయడం జరుగుతుంది గానీ, లేని టోలాను రాసుకొచ్చేవాళ్లు అరుదు. తాళం వేసిన ఇల్లు, రెండు భాగాల హద్దులో పడిన ఇల్లు, ఎవరి జాబితాలోనూ లేని గుడిసె, అన్నీ తగ్గించేవే. ఎన్ని ఊళ్లు పెంచినా ఈ లోటు పోదు. అందుకే శాంపిల్ పెద్దదైనా అంకె కిందనే ఉండిపోతే, తప్పు చీటీల్లో కాదు, జాబితాలో ఉందని అర్థం.

ఇళ్లలో కూడా కొందరు వదిలిపోతారు. పిల్లలను లెక్కపెడితే దిష్టి తగులుతుందని మా అమ్మమ్మ చంటివాళ్ల సంగతి బయటివాళ్లకు చెప్పేది కాదు. ఆ భయం నాకు తెలుసు, దాన్ని చిన్నబుచ్చను. కానీ ఆ పాప లెక్కలో లేకపోతే ఊరి పిల్లల సంఖ్యలో ఒకటి తగ్గుతుంది. దిష్టికి ఎర్రనీళ్లు తీసేయొచ్చు, వదిలిపోయిన పేరును ఆ తర్వాత చేర్చలేం.

మరి జనగణన ఎవరినీ వదలదా? దాన్ని పరీక్షించేది కూడా ఒక శాంపిల్ సర్వేనే. లెక్కింపు అయ్యాక కొన్ని బ్లాకులు ఎంచి, వేరే మనుషులు వెళ్లి మళ్లీ అడిగి, పేరు పేరునా పాత పత్రంతో పోల్చి చూస్తారు. 2011లో అలా చూస్తే, రెండుసార్లు రాసినవాళ్లను తీసేశాక కూడా వెయ్యికి 23 మంది తప్పిపోయారని తేలింది. 121 కోట్లకు అది సుమారు 2.8 కోట్లు. ఆ సంఖ్యను జనగణనకు కలపరు. మా గడ్చిరోలి జిల్లాకు 10,72,942 అని చివరి అంకె దాకా ముద్రించినది, లెక్కకు దొరికిన మనుషుల సంఖ్య.

మా మేనకోడలికి చెప్పింది ఇదే. తలల సంఖ్య జనగణన నుంచి తీసుకో, శాతం సర్వే నుంచి తీసుకో, రెండూ గుణించు. అంతకుముందు రెండింట్లోనూ "ఇంటి సభ్యుడు" అంటే ఎవరో రాసిన పేజీ చదువు. వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. అంటే మళ్లీ ఫిబ్రవరి, మళ్లీ మిర్చి ఏరే కాలం. ఈసారి మనవాళ్లు గోదావరి దాటేముందు వాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటుంది: ఆ నెలంతా అక్కడే ఉండేటట్టయితే, గుడిసె దగ్గరకు ఎవరూ రాకపోయినా, ఆ ఊరి ఎన్యూమరేటర్ ఎవరో కనుక్కుని పేర్లు రాయించుకొమ్మని.