దసరాకు రావాల్సిన యాప్: ఆలస్యపు ఉత్తరం వెనుక ఉన్న తేదీలు

హైదరాబాద్‌లో యాప్‌లు చేసిచ్చే చిన్న కంపెనీల నుంచి సెప్టెంబర్ వచ్చిందంటే క్లయింట్లకు ఒకే తరహా ఉత్తరాలు వెళ్తుంటాయి. "ప్లే స్టోర్ పాలసీలు మారడం వల్ల లాంచ్ కొంత ఆలస్యమవుతోంది, సహకరించగలరు." అంతే ఉంటుంది. ఏ పాలసీ, ఎప్పుడు మారింది, మారుతుందని ముందే తెలుసా లేదా, ఇవేవీ ఉండవు. చదివిన వ్యాపారికి సహజంగానే ఇది సాకులా కనబడుతుంది. "మా బామ్మర్ది యాప్ రెండు రోజుల్లో ఎక్కింది గదా, మనదెందుకు ఎక్కుతలేదు?" అని ఫోన్ చేస్తాడు. ఆ ప్రశ్న చాలా సరైనది. దానికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

2008లో ఆండ్రాయిడ్ మార్కెట్ పేరుతో ఈ దుకాణం తెరిచినప్పుడు యాపిల్ స్టోర్‌కీ దీనికీ ఉన్న పెద్ద తేడా వాకిలి దగ్గరే కనబడేది. అక్కడ ప్రతి యాప్‌నూ చూసి లోపలికి పంపేవారు. ఇక్కడ 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు, పెట్టిన యాప్ కొన్ని గంటల్లోనే జనం ఫోన్లలో ఉండేది. 2012లో పేరు గూగుల్ ప్లేగా మారింది. 2015 మార్చిలో, యాప్‌లు ప్రచురించే ముందు మనుషులు కూడా పరిశీలిస్తున్నారని గూగుల్ ప్రకటించింది. 2019లో కొత్త డెవలపర్ల యాప్‌లకు కనీసం మూడు రోజులు పట్టొచ్చని చెప్పింది. అప్పటికీ మూడు రోజులంటే ఎవరికీ పెద్ద బాధ లేదు.

అసలు మలుపు 2023లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 31 నుంచి, సంస్థ పేరుతో కొత్తగా ఖాతా తెరిచేవాళ్లకు డన్స్ నంబర్ తప్పనిసరి చేశారు. డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అనే సంస్థ వ్యాపారాలకిచ్చే తొమ్మిది అంకెల గుర్తింపు అది. ఉచితమే గానీ చేతికి రావడానికి 30 రోజుల దాకా పట్టొచ్చు. ఇక వ్యక్తిగత ఖాతాల సంగతి: 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన ఖాతా అయితే, యాప్‌ను జనంలోకి వదిలే ముందు, ఎంచుకున్న కొద్దిమందితో వాడించి చూసే క్లోజ్డ్ టెస్టింగ్ చేయాలి. కనీసం 20 మంది టెస్టర్లు, వరుసగా 14 రోజులు. ఒంటరిగా యాప్‌లు రాసుకునేవాళ్లు దీనిమీద గోల పెట్టారు, టెస్టర్లను అద్దెకిచ్చే బేరాలు కూడా పుట్టుకొచ్చాయి. 2024 డిసెంబర్‌లో 20ని 12కు తగ్గించారు. 14 రోజులను మాత్రం ముట్టుకోలేదు.

బామ్మర్ది యాప్ రహస్యం ఇక్కడే ఉంది. ఆయన ఖాతా 2023 నవంబర్‌కు ముందుదై ఉంటుంది, లేదా సంస్థ పేరుతో ఉన్నదై ఉంటుంది. ఆ రెంటికీ ఈ టెస్టింగ్ నిబంధన వర్తించదు. ఒకే స్టోర్, ఒకే రకం యాప్, కానీ ఖాతా పుట్టిన తేదీని బట్టి దారి వేరు. క్లయింటుకు రాసే ఉత్తరంలో ఈ ఒక్క వాక్యం ఉంటే సగం కోపం అక్కడే చల్లారుతుంది. చాలామంది రాయరు.

దీనికి తోడు మరో నిబంధన ఏటా ఒక తేదీతో వస్తుంది. యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైందో కోడ్‌లో చెప్పాలి. ఆ అంకె మరీ పాతదైతే స్టోర్ తీసుకోదు. 2017 డిసెంబర్‌లో ఈ సంగతి ప్రకటించి, 2018 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు అమలు చేశారు. 2023, 2024, 2025 మూడేళ్లూ గడువు ఆగస్టు 31నే పడింది. 2025లో కొత్త యాప్‌లకూ అప్‌డేట్లకూ ఉండాల్సిన అంకె ఇది:

```
targetSdk = 35
```

35 అంటే ఆండ్రాయిడ్ 15. మన దగ్గర దుకాణాల వాళ్లంతా యాప్ ఎప్పుడు కావాలంటారు? దసరాకు. అంటే పని ఆగస్టులో ముగింపుకొస్తుంది. సరిగ్గా అప్పుడే ఈ గడువు వచ్చి మీద పడుతుంది. ఒక్కో నిబంధన విడిగా చూస్తే పెద్ద కష్టమేం కాదు. ఒకదాని ఆలస్యం ఇంకోదాని గడువు మీదకు నెట్టినప్పుడే వారాలు పోతాయి.

2025 క్యాలెండర్ ముందేసుకుని ఒక ఊహాజనితమైన కేసు నడిపి చూద్దాం. మదీనా వైపు చీరల హోల్‌సేల్ దుకాణం. సొంత యాజమాన్యం, జీఎస్‌టీ ఓనరు పేరుమీదే ఉంది. సెప్టెంబర్ 21న ఎంగిలిపూల బతుకమ్మ నాటికి యాప్ కావాలన్నాడు. మాదాపూర్‌లోని డెవలపర్లు "మీ జీమెయిల్ మీదే ఖాతా తెరుద్దాం సార్, డన్స్ అంటే నెల పడుతుంది" అన్నారు. జూలైలో వ్యక్తిగత ఖాతా తెరిచారు. నెల మిగిలిందనే అనుకున్నారు.

ఆగస్టు 4న క్లోజ్డ్ టెస్టింగ్ మొదలైంది. దుకాణం కుర్రాళ్లవీ చుట్టాలవీ కలిపి 14 మెయిల్ ఐడీలు జాబితాలో చేర్చారు. జాబితాలో పేరుంటే లెక్కలోకి రాదు. ఆ మనిషి పంపిన లింకు తెరిచి, తానే టెస్టర్‌గా చేరుతున్నట్టు ఒప్పుకుంటేనే ఒకటి పడుతుంది. జాబితాలో ఇచ్చిన మెయిల్ ఒకటి, ఫోన్‌లో ప్లే స్టోర్ వాడే మెయిల్ ఇంకొకటి అయితే లింకు పనిచేయదు. ఇద్దరి సంగతి ఇలాగే తేలింది. పన్నెండో మనిషి చేరేసరికి ఆగస్టు 9. డెవలపర్లు యాప్‌ను నడిపించుకునే ప్లే కన్సోల్ డాష్‌బోర్డులో ఎంతమంది చేరారో కనబడుతుంది, రోజూ చూడాల్సిన అంకె అదొక్కటే. అంతకుముందు ఆఫీసులో పదిమంది ఇంటర్నల్ టెస్టింగ్‌లో వాడి చూసింది ఇందులో కలవదు.

లెక్క ప్రకారం, యాప్‌ను జనంలోకి వదలడానికి అనుమతి అడుగుతూ ఆగస్టు 23న గూగుల్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. కానీ 18న ఒక కుర్రాడు పని మానేస్తూ టెస్టింగ్ నుంచి కూడా బయటికెళ్లాడు. పన్నెండుకు ఒక్కరు తగ్గారు. నిబంధన ఏమంటుందంటే, దరఖాస్తు పెట్టే రోజుకు వెనకటి 14 రోజులూ కనీసం 12 మంది ఎడతెగకుండా చేరి ఉండాలి. 19న ఇంకొకర్ని చేర్చారు, ఆయనకు 14 రోజులు నిండేది సెప్టెంబర్ 2న. పన్నెండు అడిగితే పద్దెనిమిది మందిని చేర్చుకోవడం దీనికి మందు. ఇది స్టోర్ నిబంధనల్లో ఉండదు, పని చేసేవాళ్లకు తెలిసిన సంగతి.

సెప్టెంబర్ 2కు ఆగస్టు 31 దాటిపోయింది. యాప్ 34 మీద కట్టి ఉంది. ఇప్పుడు 35కు మార్చాలి. అంకె మార్చడం ఒక నిమిషం పని. అయితే 35కు వెళ్లిన యాప్ ఆండ్రాయిడ్ 15 ఫోన్లలో తెర అంచుల దాకా పరుచుకుంటుంది, పైన గడియారం పట్టీ కిందకీ అడుగున నావిగేషన్ పట్టీ కిందకీ కూడా. అందుకు ముందే సర్దని యాప్‌లో "ఆర్డర్ పెట్టండి" బటన్ వెళ్లి అడుగు పట్టీ కింద దాక్కుంటుంది. నొక్కితే ఒక్కోసారి హోమ్ స్క్రీన్‌కు పోతుంది. ప్రతి తెరనూ విడిగా చూసి సర్దాలి. చీరల యాప్ కాబట్టి ఫొటో నిండుగా కనబడే తెరలే ఎక్కువ, పని కూడా అంతే ఎక్కువ.

దరఖాస్తులో ప్రశ్నలుంటాయి. టెస్టర్లను ఎలా తెచ్చారు, వాళ్లేం చెప్పారు, దాన్నిబట్టి ఏం మార్చారు, యాప్ సిద్ధంగా ఉందని ఎలా అనుకుంటున్నారు. "బాగుంది అన్నారు" అని రాస్తే పనికిరాదు. జవాబు సాధారణంగా వారంలోపు వస్తుంది. సెప్టెంబర్ 9న ఒప్పుకున్నారంటే, ఆ తర్వాత యాప్ పరిశీలనకు ఇంకో వారం పట్టినా 16కు బయటికొస్తుంది. బతుకమ్మకు ఐదు రోజుల ముందు, ఊపిరి బిగబట్టుకుని. ఇంకా టెస్టింగ్ కావాలని తిప్పి పంపారంటే మళ్లీ 14 రోజులు, సెప్టెంబర్ 23. దాని జవాబుకు వారం, 30. ఆపైన యాప్ పరిశీలన. దసరా అక్టోబర్ 2న. సీజన్ పోయినట్టే.

అద్దె టెస్టర్ల బేరం దెబ్బతీసేది ఇక్కడే. పన్నెండు మంది చేరతారు, ఒకసారి తెరుస్తారు, మళ్లీ ముట్టుకోరు. టెస్టర్లు యాప్‌ను నిజంగా వాడారా లేదా అన్నది తిప్పి పంపడానికి ఒక కారణం. రోజూ వాడే దుకాణం కుర్రాళ్లు పన్నెండు మంది, డబ్బు తీసుకున్న అపరిచితులు వందమందికంటే నయం.

ఇక్కడ చాలామందికి ఒక అడ్డదారి తడుతుంది. డెవలపర్ కంపెనీకి పాత ఖాతా ఉంటుంది కదా, అందులో పెట్టేసి తర్వాత బదిలీ చేద్దాం. బదిలీ చేయడం కుదురుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ అప్పటిదాకా స్టోర్‌లో చీరల దుకాణం పేరుండదు, మాదాపూర్ కంపెనీ పేరుంటుంది. ఆ కంపెనీ ఖాతాలో వేరే క్లయింటు యాప్ ఏదో నిబంధన తప్పి ఖాతాకే తాళం పడితే, ఈ దుకాణం యాప్ కూడా దాంతోపాటే పోతుంది. నా మటుకు నేను ఈ దారి వద్దంటాను.

వెనక్కి తిరిగి చూస్తే వింతగా ఉంటుంది. నెల పడుతుందని జూన్‌లో వదిలేసిన డన్స్ నంబరుకు అప్పుడే దరఖాస్తు పెట్టి ఉంటే, జూలై చివరికి సంస్థ ఖాతా చేతిలో ఉండేది. టెస్టర్ల లెక్కే ఉండేది కాదు. ఆగస్టు మొదట్లోనే 34 మీద యాప్ ఎక్కి కూర్చునేది, 35 పని పండగయ్యాక తీరిగ్గా తర్వాతి అప్‌డేట్‌తో చేసుకునేవాళ్లు. చిక్కల్లా పేర్లు కుదరడంలో ఉంటుంది. డన్స్ రికార్డులో ఉన్న పేరూ చిరునామా ఖాతా వివరాలతో కలవాలి. జీఎస్‌టీలో ఒక స్పెల్లింగు, దుకాణం బోర్డు మీద ఇంకో స్పెల్లింగు ఉన్నవాళ్లు ముందుగా దాన్ని సరిచేసుకోవాలి. అప్పు ఇచ్చే యాప్‌ల వంటి ఆర్థిక సేవలకూ ఆరోగ్య యాప్‌లకూ అయితే ఎంచుకునే అవకాశమే లేదు, సంస్థ ఖాతానే కావాలి.

ఇదంతా తెలిశాక ఆ ఉత్తరం ఇలా ఉండొచ్చు:

"నమస్తే సార్. ఆలస్యానికి రెండు కారణాలు. ఒకటి, మీ ఖాతా వ్యక్తిగత ఖాతా, 2023 నవంబర్ తర్వాతది. 12 మంది 14 రోజులు వరుసగా టెస్ట్ చేయాలి. ఆగస్టు 18న ఒకరు తగ్గారు, అందుకే దరఖాస్తు సెప్టెంబర్ 2కు జరిగింది. ఈ 14 రోజులను డబ్బుతోగానీ ఎక్కువ మనుషులతోగానీ తగ్గించలేం. రెండోది, ఆగస్టు 31 తర్వాత కొత్త యాప్‌లు ఆండ్రాయిడ్ 15కు సిద్ధమై ఉండాలి. ఇది ముందే ప్రకటించిన గడువే. ఈ పని మాది, మీకు అదనపు బిల్లు ఉండదు. అన్నీ కుదిరితే 16, తిప్పి పంపితే అక్టోబర్. అందుకని బతుకమ్మ ఆఫర్ల పోస్టర్లలో యాప్ క్యూఆర్ ఇప్పుడే వేయించకండి."

చివరి వాక్యం వ్యాపారికి అన్నిటికంటే పనికొచ్చేది. పోస్టర్లు ఒకసారి ప్రింటయ్యాక వెనక్కి తీసుకోలేడు.

యాప్ అక్టోబర్‌ దాటి జారితే ఇంకో తేదీ కాచుకుని ఉంది. 2025 నవంబర్ 1 నుంచి, ఆండ్రాయిడ్ 15ను ఉద్దేశించిన కొత్త యాప్‌లూ అప్‌డేట్లూ మెమరీని 16 కేబీ ముక్కలుగా, అంటే పేజీలుగా, పంచే ఫోన్లలో కూడా పనిచేయాలి. మన కోడ్ అంతా కోట్లిన్ భాషలోనే ఉన్నా, పేమెంట్‌కో ఫొటోకో తెచ్చుకున్న బయటి లైబ్రరీలో నేరుగా ప్రాసెసర్ కోసం కట్టిన పాత నేటివ్ ఫైల్ ఒకటుంటే చాలు, ఆగిపోతుంది. ముందే చూసుకోవడానికి గూగుల్ ఇచ్చిన ఒక స్క్రిప్ట్ ఉంది:

```
./check_elf_alignment.sh app-release.apk
```

ఏదైనా ఫైల్ దగ్గర UNALIGNED అని చూపిస్తే ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ తెచ్చుకోవాలి. ఆ లైబ్రరీ రాసినవాళ్లు కొత్త వెర్షన్ ఇంకా విడుదల చేయకపోతే, దాని స్థానంలో వేరేది వెతుక్కోవాలి. అది ఎన్ని రోజుల పనో లైబ్రరీ పేరు తెలిశాకే క్లయింటుకు చెప్పాలి.